పొద్దువాలాక స్క్రీన్ ఏ రంగులో ఉండాలి?

ఇంట్లో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు తెచ్చిన అట్టపెట్టె ఇంకా ఉంటే ఒకసారి తిప్పి చూడండి. వాట్ల పక్కనే 6500K అనీ, దానికి తోడు Cool Daylight అనీ ముద్రించి ఉండే అవకాశం ఎక్కువ. మన ఊళ్లలో హాల్లోనూ, పిల్లలు చదువుకునే గదిలోనూ, వంటింట్లోనూ వెలిగేవి చాలావరకు ఈ రకం ట్యూబులే. మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూపించే తెలుపు కూడా ఇంచుమించు ఇదే. కంప్యూటర్ రంగులకు ప్రమాణంగా తీసుకునే ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో తెలుపు అంటే దాదాపు 6500 కెల్విన్లు. పగటిపూట ఆరుబయట పడే వెలుతురుకు అది దగ్గర. అంటే రాత్రి పదింటికి మన కళ్ల ముందున్నది పగటి తెలుపు. దాన్ని సాయంత్రపు తెలుపుగా దించడానికి పుట్టినవే ఫోన్లో, కంప్యూటర్లో కనిపించే Night Light, Night Shift, Eye comfort shield లాంటి సదుపాయాలు. అవి ఎన్ని గంటలకు మొదలవ్వాలి, రంగు ఎంతవరకు దిగాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూ చాలా విశేషాలున్నాయి.

◆ కలర్ టెంపరేచర్‌లో అంకె తగ్గేకొద్దీ రంగు వెచ్చనవుతుంది. కొత్తగా చూసేవారు తికమకపడేది ఇక్కడే. కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రగా, ఇంకా కాగితే నారింజగా, ఆ తర్వాత పసుపుగా, చివరికి తెల్లగా మెరుస్తుంది. వేడి పెరిగినకొద్దీ వెలుతురు నీలంవైపు జరుగుతుంది. కెల్విన్ అంకె చెప్పేది ఆ వేడినే. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాతకాలపు పసుప్పచ్చ బల్బు సుమారు 2700, పగటి వెలుతురు 6500. కాబట్టి ‘వెచ్చని’ స్క్రీన్ కావాలంటే అంకెను తగ్గించాలి. పెంచితే ఇంకా నీలంగా మారుతుంది.

పాత ఫ్లోరసెంట్ ట్యూబుల మీద 865, 827 లాంటి మూడంకెల సంఖ్యలు కనిపిస్తాయి. వాటిని చదవడం తేలిక. చివరి రెండంకెల పక్కన రెండు సున్నాలు చేరిస్తే కెల్విన్లు వస్తాయి. 65 అంటే 6500, 27 అంటే 2700. మొదటి అంకె, ఆ వెలుతురులో వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెబుతుంది.

◆ Night Light లాంటి ఫిల్టర్ స్క్రీన్‌కి ఎరుపును కలుపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఏమీ కలపదు, తీసేస్తుంది. స్క్రీన్‌లోని ప్రతి చుక్కా ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు దీపాలతో వెలుగుతుంది. ఫిల్టర్ ఎరుపును ముట్టుకోదు, పచ్చను కొంత, నీలాన్ని బాగా తగ్గిస్తుంది. 1900 కెల్విన్ల దగ్గరకు వచ్చేసరికి నీలం దాదాపు ఆరిపోతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే ఎక్సెల్ షీట్ తెరిచి, నాలుగు గడులకు లేత పసుపు రంగు వేసి, ఫిల్టర్‌ను చివరిదాకా జరపండి. గడులకు వేసిన పసుపు మాయమవుతుంది. పసుపుకీ తెలుపుకీ తేడా నీలమే కదా, ఆ నీలమే లేనప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రాత్రిపూట లెక్కలు సరిచూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ‘ఇక్కడ గుర్తుపెట్టాను కదా, ఏమైంది?’ అని వెతుక్కునే ముందు ఫిల్టర్ ఎంతలో ఉందో చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఫిల్టర్ వేసి ఉండగా స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మ మామూలు తెలుపులోనే వస్తుంది. ఫైల్లో ఉన్న బొమ్మ మారదు, స్క్రీన్‌కి చేరే చివరి మెట్టులో మాత్రమే రంగు మారుతుంది. మీ స్క్రీన్ ఎంత నారింజగా ఉందో స్నేహితుడికి చూపించాలంటే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయాల్సిందే.

◆ కంప్యూటర్ వాడేవారిలో ఈ అలవాటును విస్తారంగా నాటిన ప్రోగ్రాం పేరు ఎఫ్.లక్స్. మైకేల్ హెర్ఫ్, లోర్నా హెర్ఫ్ దంపతులు దాన్ని 2009లో విడుదల చేశారు. ఫోన్ల కంపెనీలు ఆ దారి పట్టడానికి ఏళ్లు పట్టింది. ఆపిల్ తన Night Shift ను 2016 మార్చిలో ఐఫోన్లకు ఇచ్చింది. 2017లో విండోస్‌కూ, లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌కూ సొంత Night light వచ్చింది.

ఎఫ్.లక్స్‌లో నాకు బాగా నచ్చేది దాని మూడు మెట్ల పద్ధతి. పగలు 6500, పొద్దుగూకాక 3400, నిద్రవేళ దగ్గరపడ్డాక 1900. తర్వాత వచ్చిన సదుపాయాల్లో చాలావాటిలో మధ్యమెట్టు లేదు. ఫిల్టర్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. దాంతో చాలామంది మొదటిరోజే స్లయిడర్‌ను పూర్తిగా జరిపి, స్క్రీన్ కాషాయంగా మారిపోయిందని విసుగొచ్చి, మూడోరోజుకి ఆపేస్తారు.

◆ రాత్రి నీలివెలుగు గురించి ఇంత చర్చ రావడం వెనుక ఒక కప్ప ఉంది. 1998లో ఇగ్నేసియో ప్రొవెన్సియో, ఆయన సహచరులు కప్ప చర్మంలోని రంగు కణాల్లో, వెలుతురుకు స్పందించే ఒక కొత్త పదార్థాన్ని కనిపెట్టారు. దాని పేరు మెలనాప్సిన్. అది మనిషి కంటిలోనూ ఉందని తర్వాత తేలింది. కంటి వెనుక పొరలోని కొద్దిపాటి నాడీకణాలు దాని సాయంతో నేరుగా వెలుతురును పసిగడతాయని 2002లో నిరూపించారు. ఈ కణాల ముఖ్యమైన పని బొమ్మ చూపించడం కాదు. ఇది పగలా రాత్రా అన్న కబురును మెదడుకు చేరవేయడం. అవి అన్నిటికంటే బాగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గరి నీలివెలుగుకే. రాత్రి నీలాన్ని తగ్గించాలన్న ఆలోచనకు పునాది ఇదే.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. మెలనాప్సిన్ కథ నిద్రకు సంబంధించినది. కళ్ల అలసట వేరు. ప్రకటనల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

◆ స్క్రీన్ చూస్తే కళ్లు అలసిపోవడానికి నీలివెలుగే కారణమన్న మాటను కంటి వైద్యులు ఒప్పుకోవడం లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది. 2023లో కొక్రేన్ సంస్థ 17 పరీక్షలను కలిపి పరిశీలించి, నీలివెలుగును ఆపే కళ్లద్దాలు మామూలు కళ్లద్దాల కంటే కొద్దికాలంలో కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది.

మరి కళ్లు ఎందుకు మండుతాయి? మొదటి కారణం రెప్ప. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా కొట్టుకునే రెప్ప, స్క్రీన్ చూస్తున్నప్పుడు సగానికీ అంతకంటే తక్కువకూ పడిపోతుంది. కంటి తడి ఆరిపోతుంది. రెండోది, ఒకే దూరంలో చూపు గంటల తరబడి నిలిచిపోవడం. మూడోది, గది మసకగా ఉండి స్క్రీన్ మాత్రం ధగధగలాడటం. మొదటి రెండింటికీ ఏ ఫిల్టరూ మందు కాదు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేది వాటికోసమే. మూడోదాని విషయంలో మాత్రం ఫిల్టర్‌ను గదికి తగ్గట్టుగా పెడితే సాయపడుతుంది. కాబట్టి కళ్లకోసం కెల్విన్ ఎంచుకునేటప్పుడు ‘ఎంత తక్కువైతే అంత మంచిది’ అనుకోకూడదు. ‘ఈ గదికి ఏది సరిపోతుంది?’ అని అడగాలి. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి కీలకం ఇదే.

◆ గదికి సరిపోయిందో లేదో తేల్చడానికి ఒక తెల్ల కాగితం చాలు. రాత్రి మామూలుగా వెలిగించుకునే లైటు వేసి, స్క్రీన్‌పై ఖాళీ తెల్ల పేజీ తెరవండి. ఒక ఏ4 కాగితాన్ని స్క్రీన్ పక్కనే, గది వెలుతురు దానిమీద పడేలా పట్టుకోండి. ముందు బ్రైట్‌నెస్ సంగతి చూడాలి. స్క్రీన్ కాగితం కంటే మెరుస్తూ, తనే ఒక దీపంలా కనిపిస్తే తగ్గించండి. కాగితం కంటే బూడిదగా కనిపిస్తే పెంచండి. రెండూ సమానంగా అనిపించాక ఫిల్టర్ స్లయిడర్‌ను జరపండి. స్క్రీన్ కాగితం కంటే నీలంగా ఉంటే వెచ్చనవైపు, కాషాయంగా ఉంటే వెనక్కి. ఫిల్టర్ వేస్తే వెలుగు కొంత తగ్గుతుంది కాబట్టి చివర్లో బ్రైట్‌నెస్‌ను ఇంకోసారి సరిచూడండి. విండోస్‌లోనూ, చాలా ఫోన్లలోనూ స్లయిడర్ మీద కెల్విన్లు రాసి ఉండవు. అందుకే కాగితమే కొలత.

ఇంకో జాగ్రత్త. కన్ను కొన్ని నిమిషాల్లోనే కొత్త రంగుకు అలవాటు పడుతుంది. చూస్తూ చూస్తూ ఉంటే నారింజ స్క్రీన్ కూడా తెల్లగానే అనిపిస్తుంది. కాబట్టి స్క్రీన్ మీదే చూపు నిలపకుండా కాగితాన్నీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూడాలి.

కొన్ని ఆపిల్ పరికరాల్లో True Tone అన్నది ఒకటి ఉంటుంది. అది గది వెలుతురును సెన్సర్‌తో పసిగట్టి స్క్రీన్ తెలుపును తనంతట తనే సర్దుతుంది. మన కాగితం పరీక్షను అది రోజంతా చేస్తుందన్నమాట. Night Shift మాత్రం గదిని చూడదు, గడియారాన్నే చూస్తుంది.

◆ ఒక ఉదాహరణ తీసుకుందాం. గదిలో 6500 ట్యూబు వెలుగుతోంది. కుర్రవాడు సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. స్క్రీన్‌ను 2700కి పెడితే ఏమవుతుంది? చుట్టూ గోడలు, పుస్తకం, నోటుబుక్కు అన్నీ పగటి తెలుపులో ఉన్నాయి, స్క్రీన్ ఒక్కటే కాషాయం. నోటుబుక్కు నుంచి స్క్రీన్‌కీ, స్క్రీన్ నుంచి నోటుబుక్కుకీ చూపు మారినప్పుడల్లా కన్ను కొత్త తెలుపుకు సర్దుకోవాలి. ఇలా పెట్టుకుని ‘ఫిల్టర్ వేస్తేనే చిరాగ్గా ఉంది’ అనేవారి మాట నిజమే. పైగా చిన్న స్క్రీన్ కంటే గదిలోని ట్యూబు నుంచే కంటికి చేరే నీలం సాధారణంగా ఎక్కువ. స్క్రీన్‌లో తీసేసిన నీలాన్ని ట్యూబు తిరిగి ఇచ్చేస్తుంది.

సరైన వరస ఇది. ట్యూబు వెలిగినంతసేపు, అంటే తొమ్మిది దాకా, స్క్రీన్ 5000 దగ్గరే ఉండొచ్చు, అసలు ఫిల్టర్ లేకపోయినా నష్టం లేదు. బ్రైట్‌నెస్ కాగితానికి సరిపోతే చాలు. తొమ్మిదికి ట్యూబు ఆపి, 2700 లేదా 3000 అని రాసి ఉన్న వార్మ్ వైట్ బల్బున్న టేబుల్ ల్యాంప్ వేసుకోవాలి. అప్పుడు స్క్రీన్ 3400 దగ్గరకు దిగితే గదిలో కలిసిపోతుంది, ఫిల్టర్ వేసినట్టే అనిపించదు. చివరి గంటలో 2700. అంతకంటే కిందకు, 1900కి దించితే చదవడానికి అక్షరాల తేటదనం తగ్గుతుంది. పడుకునే ముందు ఫోన్లో అలారం పెట్టుకోవడం లాంటి చిన్న పనులకు మాత్రమే ఆ అంకె బాగుంటుంది. ఇంట్లో ఒక్క మార్పే చేయగలిగితే నేను స్లయిడర్‌ను కాదు, బల్బును మార్చమంటాను.

◆ ఇక వేళ సంగతి. చాలా పరికరాల్లో Sunset to sunrise అన్న ఎంపిక ఉంటుంది. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం నవంబరు చివర్లో సాయంత్రం 5:40 ప్రాంతంలో, జులై మొదట్లో 6:55 ప్రాంతంలో ఉంటుంది. విశాఖపట్నంలో దాదాపు ఇరవై నిమిషాలు ముందే. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది, దానికి పడమట ఉన్నకొద్దీ పొద్దు ఆలస్యంగా దిగుతుంది. మన దగ్గర తేడా ఏడాదిమొత్తంలో గంటా పావు మాత్రమే కాబట్టి ఈ ఎంపిక పెద్దగా ఇబ్బంది పెట్టదు.

లండన్‌లో ఉన్న తెలుగువారి సంగతి వేరు. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలు కాకముందే పొద్దుగూకుతుంది. ఆఫీసులో పని నడుస్తుండగానే స్క్రీన్ కాషాయమవుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాకగానీ సూర్యుడు దిగడు. పదింటికి పడుకునేవారికి ఫిల్టర్ ఉండేది ముప్పావుగంటే. అలాంటి చోట్ల సూర్యుడిని వదిలేసి, పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందు మొదలయ్యేలా Set hours లో వేళలు పెట్టుకోవడమే మంచిది. రాత్రి షిఫ్టు చేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

సూర్యాస్తమయం ఎంపిక నొక్కడానికి వీల్లేకుండా మసకబారి ఉంటే, విండోస్‌లో లొకేషన్ ఆపేసి ఉందని అర్థం. మీరెక్కడున్నారో తెలియనిదే పొద్దు ఎప్పుడు గూకుతుందో దానికి తెలియదు కదా.

◆ లినక్స్‌లో గ్నోమ్ వాడేవారికి ఒక సౌకర్యం ఉంది. కెల్విన్ అంకెను నేరుగా టైపు చేసి ఇవ్వొచ్చు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఉదయం ఆరు దాకా 3400 కావాలంటే టెర్మినల్‌లో ఇలా:

```
S=org.gnome.settings-daemon.plugins.color
gsettings set $S night-light-enabled true
gsettings set $S night-light-schedule-automatic false
gsettings set $S night-light-schedule-from 20.5
gsettings set $S night-light-schedule-to 6.0
gsettings set $S night-light-temperature 3400
```

ఎనిమిదిన్నరకు 20.5 అని రాశాం, చూశారా? ఇక్కడ చుక్క తర్వాత వచ్చేవి నిమిషాలు కావు, గంటలో భాగం. 20.30 అని రాస్తే ఎనిమిదీ ముప్పై కాదు, ఎనిమిదీ పద్దెనిమిది అవుతుంది. పావు తక్కువ తొమ్మిదికి 20.75 రాయాలి.

◆ వయసు కూడా ఒక ఫిల్టరే. ఏళ్లు గడిచేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారి, నీలాన్ని తనే కొంత ఆపేస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాక, లోకం మరీ నీలంగా కనిపిస్తోందని బాధపడ్డాడు. తాతయ్యల, అమ్మమ్మల ఫోన్లలో ఫిల్టర్‌ను చివరిదాకా జరిపితే, ముందే తగ్గిన వెలుతురు ఇంకా తగ్గి, అక్షరాలు పోల్చుకోవడం కష్టమవుతుంది. వాళ్లకు స్లయిడర్ మధ్యలో ఉంచి, అక్షరాల సైజు పెంచి ఇవ్వండి. ఇది చాలా ఇళ్లలో పిల్లలు పట్టించుకోని సంగతి.

◆ నిద్ర విషయంలో ఫిల్టర్ ఒక్కటే చేసేది తక్కువ. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 167 మంది యువతీయువకులను మూడు గుంపులు చేసి చూశారు. కొందరు Night Shift వేసి, కొందరు వేయకుండా ఫోన్ వాడారు, కొందరు పడుకునే ముందు ఫోన్ ముట్టుకోలేదు. 2021లో వచ్చిన ఫలితాల్లో మొత్తంమీద మూడు గుంపుల నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందు 2018లో రెన్సెలార్ సంస్థవారు ఐప్యాడ్‌తో చేసిన పరిశోధనలో, బ్రైట్‌నెస్ తగ్గించకుండా రంగు మాత్రం మార్చితే రాత్రి హార్మోనైన మెలటోనిన్‌పై పడే దెబ్బ తగ్గదని తేలింది. అందుకే కాగితం పరీక్షలో బ్రైట్‌నెస్‌ను ముందు పెట్టాం.

◆ ఫిల్టర్ ఆపాల్సిన వేళలూ ఉన్నాయి. రాత్రి ఆన్‌లైన్‌లో పట్టుచీర ఎంచుకుంటుంటే నీలిరంగు నల్లబారి, లేత పసుపు తెలుపుగా కనిపిస్తుంది. అంచు రంగు చూసి డబ్బు కట్టే ముందు ఫిల్టర్ తీసి, ఓ రెండు నిమిషాలు ఆగి చూడండి. కన్ను తిరిగి మామూలు తెలుపుకు రావాలి కదా. పెళ్లి ఫొటోలకు రంగులు దిద్దేవారు, ముద్రణకు పేజీలు పంపేవారు పని వేళల్లో ఫిల్టర్ వాడనే కూడదు. ఎఫ్.లక్స్‌లో ఫలానా ప్రోగ్రాం తెరిచినప్పుడు ఆగిపోయేలా పెట్టుకునే వీలుంది.

ల్యాప్‌టాప్ వెచ్చబడినా పక్కన తగిలించిన మానిటర్ తెల్లగానే ఉండిపోతే, అది డిస్‌ప్లేలింక్ డాక్ ద్వారా వస్తోందేమో చూడండి. విండోస్ Night light వాటిమీద పనిచేయకపోవచ్చు. అప్పుడు మానిటర్ కిందున్న బటన్లతో దాని సొంత మెనూలోకి వెళ్లి కలర్ టెంపరేచర్‌ను Warm కి మార్చుకోవాలి. అది వేళ చూసి మారదు, పొద్దున మళ్లీ మనమే వెనక్కి తేవాలి.

వేళ, రంగు, బ్రైట్‌నెస్ మూడూ గదికి సరిపడా పెట్టుకున్నాక కూడా సాయంత్రాల్లో కళ్లు మండుతూ, నుదురు నొస్తూ ఉంటే స్లయిడర్‌ను ఇంకా కిందికి జరపకండి. కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లి పవర్, కంటి తడి చూపించుకోండి.